జ్వరం మంచం పక్కన బత్తాయి గ్లాసు

జ్వరంతో పడుకున్నవాళ్లను చూడ్డానికి వెళ్తూ ఉత్త చేతులతో వెళ్లడం మనవాళ్లకు మనసొప్పదు. దారిలో పండ్ల బండి దగ్గర ఆగి డజను బత్తాయిలో కమలాలో సంచిలో వేయించుకుంటారు. నల్లగొండ, అనంతపురం తోటల్లో కాసే బత్తాయి అలా జ్వరానికి జతైన పండైపోయింది. ‘సి విటమిన్ ఉంటుంది, జ్వరం తొందరగా తగ్గుతుంది’ అని ఇచ్చేవాళ్లు నమ్ముతారు. ఈ మాటలో మొదటి సగమే నిజం.

గ్లాసుడు రసంలో, అంటే 200 మిల్లీలీటర్లలో, సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు కావలసింది 80, ఆడవాళ్లకు 65. అంటే ఒక్క గ్లాసుతోనే ఆ రోజు అవసరం తీరుతుంది. ఆ పైన తాగినదాంట్లో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. మరి జ్వరం తగ్గుతుందా? జలుబు మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2013లో వెలువడింది. ముందు నుంచీ రోజూ సి విటమిన్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో జలుబు ఉండే కాలం 8 శాతం తగ్గింది. జలుబు పట్టుకున్నాక మొదలుపెట్టినవాళ్లలో మాత్రం నమ్మదగ్గ లాభం కనిపించలేదు. మనం బత్తాయిలు కొనేది జ్వరం వచ్చాకే కదా!

అయినా ఆ గ్లాసు వృథా కాదు. దాని మేలు నీళ్లలో ఉంది. ఒళ్లు కాలుతున్నప్పుడు చర్మం నుంచీ శ్వాస నుంచీ నీరు మామూలు కంటే ఎక్కువగా పోతుంది. నోరు చేదెక్కి అన్నం సయించదు, మంచినీళ్లు కూడా గొంతు దిగవు. పుల్లతీపి బత్తాయి రసం దిగుతుంది. దాంతోపాటు నాలుగు కేలరీలు, పొటాషియం వెళ్తాయి. డెంగీ రోగిని ఇంట్లో ఉంచి చూసుకునేటప్పుడు ఇవ్వదగ్గ ద్రవాల్లో ఓఆర్ఎస్‌తోపాటు పండ్ల రసాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చేర్చింది అందుకే. అయితే రసంలో ఉప్పు దాదాపు ఉండదు. వాంతులు, చెమటలతో పోయిన ఉప్పు దానితో తిరిగి రాదు.

అసలు చిక్కు పంచదారతో. షుగరున్న యాభై ఏళ్ల మనిషికి జ్వరం వచ్చిందనుకుందాం. ఇంట్లోవాళ్లు బండి మీది జ్యూసు రోజుకు నాలుగు గ్లాసులు తాగిస్తున్నారు. పండులోని చక్కెరే గ్లాసుకు సుమారు 16 గ్రాములు. బండివాడు వేసే మూడు చెంచాల పంచదార ఇంకో 15 గ్రాములు. నాలుగు గ్లాసులకు 120 గ్రాములు దాటిపోతుంది. జ్వరం ఒత్తిడికే రక్తంలో షుగరు పెరుగుతుంది, దాని మీద ఇది. షుగరు బాగా పెరిగితే మూత్రం ఎక్కువై, పట్టించిన నీళ్లు మళ్లీ బయటికే పోతాయి. అదే మనిషికి పంచదార లేకుండా రోజుకు ఒక గ్లాసు రసం, సగానికి సగం నీళ్లు కలిపి రెండు దఫాలుగా ఇచ్చి, మిగతాది మంచినీళ్లు, పలచటి మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్‌తో నింపితే సరిపోతుంది. లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే, ఒక్క గ్లాసు బత్తాయి రసంలోని చక్కెర కంటే తక్కువ. ఆ ప్యాకెట్ మొత్తాన్నీ లీటరు మంచినీళ్లలోనే కలపాలి, జ్యూసులో కాదు.

విరేచనాలు కూడా అవుతుంటే చిక్కటి, తీయటి రసం పూర్తిగా మానేయాలి. ఆ చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఏడాది నిండని బిడ్డకు పండ్ల రసం అసలు పట్టకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు పొటాషియం వల్ల డాక్టరును అడిగాకే తాగాలి.

రసం ఇంట్లోనే తీయండి. బండి మీది ఐసు ఏ నీళ్లతో చేసిందో ఎవరికీ తెలియదు, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు అందులో ఉండొచ్చు. గింజలు నలగకుండా పిండి, వెంటనే తాగించాలి. బత్తాయి రసం కాసేపు ఉంచితే చేదెక్కడం ఇంట్లో అందరూ చూసేదే. పండులోని ఒక పదార్థం రసంలోని పులుపు తగిలి లిమోనిన్‌గా మారడం వల్ల వచ్చే చేదు అది. గింజలు నలిగితే ఇంకా ఎక్కువ.

చాలినంత నీరు అందుతోందో లేదో మూత్రం చెబుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, లేత రంగులో వస్తుంటే సరే. డెంగీలో జ్వరం దిగే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జ్యూసు తాగించి చూద్దామని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: బత్తాయిలు తప్పకుండా పట్టుకెళ్లండి, మందుల షాపులో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా కొని అదే సంచిలో వేయండి.