చంకలో పెట్టే ప్రోబ్ చెప్పిన కథ

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఓ పెద్దాసుపత్రి. మెదడు, నరాల జబ్బులవాళ్లకు అక్కడ ప్రత్యేక ఐసీయూ ఉంది. 2015 నుంచి 2017 దాకా ఆ ఆసుపత్రిలో 70 మందికి క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ అంటుకుంది. వాళ్లలో 66 మంది ఆ ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లే. శుభ్రత ఎంత పెంచినా కొత్త కేసులు ఆగలేదు. గదుల్లో వెతికితే ఫంగస్ పెద్దగా దొరకలేదు. చివరికి దొరికింది రోగి చంకలో పెట్టి జ్వరం చూసే ప్రోబ్‌ల మీద. ఒకరికి పెట్టిన ప్రోబ్‌ను తర్వాత ఇంకొకరికి వాడేవారు. వాటిని పక్కన పెట్టేశాకే కేసులు తగ్గాయి.

ఈ ఫంగస్‌ను 2009లో జపాన్‌లో ఓ వృద్ధురాలి చెవిలో తొలిసారి గుర్తించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. మామూలు క్యాండిడా ఎక్కువగా మన పేగుల్లో ఉంటుంది. ఇది మాత్రం చర్మాన్ని, మంచం పట్టీలను, పరికరాలను పట్టుకుని వారాల తరబడి బతుకుతుంది. ఆసుపత్రుల్లో నేల తుడిచే కొన్ని రసాయనాలకు ఇది లొంగదు, క్లోరిన్ ఉన్నవి కావాలి. చర్మం మీద ఉన్నంతవరకు రోగికి ఏ బాధా తెలియదు. మెడ దగ్గర పెట్టిన సెంట్రల్ లైన్ వెంట రక్తంలోకి దిగినప్పుడే అసలు ప్రమాదం.

అలా రక్తంలోకి దిగాక ఏ మందు ఇవ్వాలి? అమెరికాలో పరీక్షించిన నమూనాల్లో సుమారు 90 శాతం ఫ్లూకోనజోల్‌కు లొంగలేదు. దాదాపు 30 శాతం యాంఫోటెరిసిన్‌కూ లొంగలేదు. ఎకినోక్యాండిన్ల విషయంలో మాత్రం ఆ లెక్క 5 శాతం లోపే. ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్ తేల్చడానికి రోజులు పడుతుంది, అన్నాళ్లు ఆగితే రోగి దక్కకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకు ముందుగా ఎకినోక్యాండిన్‌తోనే మొదలుపెడతారు. కాస్పోఫంగిన్, మైకాఫంగిన్, అనిడ్యులాఫంగిన్ ఈ కుటుంబంలోవే.

ఇంకో కారణం కూడా ఉంది. ఫంగస్ కణం చుట్టూ గ్లూకాన్ అనే పదార్థంతో కట్టిన గోడ ఉంటుంది. మన కణాలకు గోడే లేదు. ఎకినోక్యాండిన్ ఆ గోడ కట్టే పనిని ఆపేస్తుంది కాబట్టి మన ఒంటికి చేసే చెరుపు తక్కువ. యాంఫోటెరిసిన్ ఫంగస్ పొరలోని కొవ్వును పట్టుకుంటుంది. మన కణాల పొరలోనూ దానిలాంటి కొవ్వే ఉండటంతో మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఒక రోగిని ఊహించుకుందాం. ఐసీయూలో పదో రోజు జ్వరం వచ్చింది, బ్లడ్ కల్చర్‌లో ఫంగస్ పెరిగింది. తొలిరోజు కాస్పోఫంగిన్ 70 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు 50. వీలైతే సెంట్రల్ లైన్ తీసేస్తారు, కళ్లు పరీక్షిస్తారు. కల్చర్ మళ్లీ మళ్లీ చేస్తారు. రక్తంలో ఫంగస్ కనిపించని రోజు నుంచి కనీసం రెండు వారాలు మందు సాగాలి. అయిదు రోజులు దాటినా ఇంకా పెరుగుతోందంటే రెండు అనుమానాలు. ఒకటి, అది మందు సరిగా చేరని చోట, అంటే మెదడు చుట్టూ ఉండే ద్రవంలోనో, కంట్లోనో, మూత్రంలోనో ఉండాలి. లేదా మందుకు లొంగకుండా మారి ఉండాలి. అప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌కు మారతారు.

మారడానికి పెద్ద మార్పు అక్కర్లేదు. గోడ కట్టే ఎంజైమ్‌కు సంబంధించిన ఎఫ్‌కేఎస్1 జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు దానికి సరిగా అతుక్కోదు. న్యూయార్క్‌లో ముగ్గురు రోగుల్లో ఎకినోక్యాండిన్ వాడాక ఫంగస్ మూడు రకాల మందులకూ లొంగకుండా పోయింది. 2021లో వాషింగ్టన్, టెక్సస్‌లలో పరిస్థితి ఇంకో మెట్టు దిగజారింది. ఈ మందు ఎన్నడూ వాడని రోగుల్లోనూ దానికి లొంగని ఫంగస్ కనిపించింది. అంటే అది ఒకరి నుంచి ఒకరికి పాకిందన్నమాట. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

అందుకే చర్మం మీద మాత్రమే ఫంగస్ ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వరు. ఇస్తే చర్మం మీద ఫంగస్ పోదు, మొండిది మిగులుతుంది. ‘రిపోర్టులో ఫంగస్ ఉందన్నారు, మందెందుకు ఇవ్వరు’ అని బంధువులు నిలదీయడం సహజం. డాక్టరు ఆగడంలో నిర్లక్ష్యం లేదని వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

ఈ ఫంగస్ మనకు దూరం కాదు. 2013లోనే ఢిల్లీ ఆసుపత్రుల్లో 12 మంది రోగుల్లో దీన్ని గుర్తించారు. మన దగ్గర జిల్లా నర్సింగ్‌హోమ్ నుంచి హైదరాబాద్‌కో, విజయవాడకో రోగిని తరలించడం మామూలే. మీవాళ్ల రిపోర్టులో క్యాండిడా ఆరిస్ అని ఉంటే, అక్కడ స్ట్రెచర్ దించక ముందే ఆ మాట నర్సుకు చెప్పండి.