డ్రైన్ పైపు నేల మీద పడేస్తే సరిపోతుందా?

మా వైపు అపార్ట్‌మెంట్లలో ఒక మాట బాగా నాటుకుపోయింది: "వాషింగ్ మిషన్ డ్రైన్ పైపు ఎంత కిందికి ఉంటే నీళ్లు అంత తేలిగ్గా పోతాయి." ఇంటి ఓనరూ, ప్లంబరూ, పక్క ఫ్లాట్‌లో పదేళ్లుగా మిషన్ వాడుతున్న పెద్దావిడా, ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కొత్త మిషన్ వచ్చిన రోజే ఎవరో ఒకరు పైపు చివరనున్న వంకీని పీకేసి, యుటిలిటీలోని జాలీ మూత తీసి, పైపును నానీ ట్రాప్‌లోకి జానెడు దించేస్తారు. నీళ్లు బయటికి చిమ్మకుండా చుట్టూ టేపు కూడా చుడతారు. చూడ్డానికి పని చాలా శుభ్రంగా ఉంటుంది. మిషన్ మాత్రం ఆ రోజు నుంచే సతాయించడం మొదలుపెడుతుంది.

నీరు పల్లమెరుగు కదా, పైపు పల్లంలో ఉంటే తప్పేముంది అంటారు. ఫ్రంట్ లోడ్ మిషన్‌లో తప్పు సరిగ్గా అక్కడే ఉంది. నీళ్లు బయటికి తోసే పంపు మిషన్ అడుగున ఉంటుంది. అది తోయడానికి తప్ప ఆపడానికి పనికిరాదు. లోపల చిన్న రెక్కల చక్రం ఒకటి ఉంటుంది, అంతే. తిరగనప్పుడు దాని సందుల్లోంచి నీళ్లు దర్జాగా వెళ్లిపోతాయి. మరి ఉతుకుతున్నంతసేపూ నీళ్లు టబ్‌లో ఎలా నిలుస్తున్నాయి? పైపు ఎత్తులో ఉంది కాబట్టి. టబ్‌లో నీటి మట్టం కంటే పైపు పైకి వెళ్లినంతకాలం, పంపు తోస్తే తప్ప నీళ్లు ఆ ఎత్తు దాటలేవు. ఆ ఎత్తే ఇక్కడ కుళాయి. దాన్ని నేల మీద పడుకోబెడితే, వాడుక నీళ్ల కుళాయి విప్పి వదిలేసినట్టే.

ఒక నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో జరిగింది చెబుతాను. ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్, కొత్తది. స్టార్ట్ నొక్కితే నీళ్లు వస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, డ్రమ్ము అటూ ఇటూ కాస్త తిరుగుతుంది, కొన్ని నిమిషాలకు తెర మీద `IE` పడి ఆగిపోతుంది. కొన్ని మిషన్లలో ఇదే ఫిర్యాదు `4C` అని వస్తుంది. రెండింటికీ అర్థం ఒకటే, చెప్పిన టైములో చాలినన్ని నీళ్లు రాలేదని. వచ్చిన మెకానిక్ ఆ అక్షరాలు చూసి నీళ్లు వచ్చే దారినే వెతికాడు. మొదటిసారి జల్లెడ కడిగాడు. రెండోసారి నీళ్లు లోపలికి వదిలే వాల్వు మార్చాడు. మూడోసారి, ఇంకేముంది, "బోర్డు పోయిందండీ" అన్నాడు. మన దేశంలో కారణం దొరకని ప్రతి జబ్బుకూ బోర్డే బలి.

అసలు సంగతి పట్టుకున్నది ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి. యుటిలిటీ కడుగుతుంటే జాలీ దగ్గర గుడగుడమని చప్పుడు వినిపించింది. "అమ్మా, మిషన్ ఇటు తాగుతోంది, అటు వదిలేస్తోంది" అంది. ట్రాప్ చుట్టూ టేపు విప్పి చూస్తే, మిషన్ ఇంకా నింపుకుంటూనే ఉంది, పైపులోంచి మాత్రం నురగ కూడా లేని తేట నీళ్లు ధారగా పోతున్నాయి. పైపును పైకి లాగి కిటికీ గ్రిల్లుకు, సుమారు నడుమెత్తున కట్టారు. ధార ఆగింది. తలుపు అద్దం అడుగున నీటి గీత కనబడింది, డ్రమ్ము తిరిగింది, ఉతుకు పూర్తయింది. బోర్డు నిక్షేపంగా ఉంది.

ఈ పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. మిషన్ నీళ్లు పట్టుకుంటున్నప్పుడు డ్రైన్ పైపు చివర చూడండి. పంపు చప్పుడు లేకుండా అక్కడ నీళ్లు కారుతున్నాయంటే జబ్బు ఎత్తుదే. కుళాయిలో నిమిషానికి ఆరు లీటర్లు వస్తూ, మిషన్ పది నిమిషాలు ఓపిక పట్టిందనుకుంటే, ఒక్క విఫల ప్రయత్నానికి 60 లీటర్లు. అన్ని నీళ్లతో ఫ్రంట్ లోడ్‌లో ఒక ఉతుకు మొత్తం అయిపోతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకునే అపార్ట్‌మెంట్‌లో ఈ లెక్క ఎవరికీ ముద్దుగా ఉండదు.

ఇంకో రకం ఉంది, అది మరీ మోసం. పోయే నీళ్ల కంటే వచ్చే నీళ్లు ఎక్కువైతే మిషన్ ఆగదు. తగ్గినప్పుడల్లా మళ్లీ పట్టుకుంటూ నడుస్తూనే ఉంటుంది. సబ్బు మొదటి పావుగంటలోనే ట్రాప్ పాలవుతుంది, బట్టలు ఉత్త నీళ్లలో తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు సర్ఫ్ బ్రాండు మార్చి చూస్తుంటారు.

మరి ఎంత ఎత్తు? చాలా ఫ్రంట్ లోడ్ మిషన్ల పుస్తకాల్లో నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య అని ఉంటుంది. మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీ పుస్తకం తీసి చూడండి. అట్టపెట్టెతో పాటు పాత సామాన్లవాడికి వేసేసి ఉంటే కంపెనీ సైట్లో దొరుకుతుంది. ఎత్తు మంచిదన్నారు కదా అని మీటరున్నర పైనున్న వెంటిలేటర్లోంచి పైపు బయటికి తీసేవాళ్లూ ఉన్నారు. అంత ఎత్తుకు పంపు తోయలేక రొప్పుతుంది, పైపులో మిగిలిన మురికి నీళ్లు మళ్లీ టబ్‌లోకే దిగుతాయి. అతుకులేసి పైపు పొడవు పెంచినా పంపుకు అదే బాధ.

ఎత్తుతో పాటు గాలి కూడా కావాలి. పైపును మిషన్ వెనక పట్టీకి ఎత్తులో తగిలించి, అక్కడి నుంచి జాలీలోకి దించితే చాలామటుకు పని జరుగుతుంది. కానీ ఆ చివర ట్రాప్ నీళ్లలో మునిగి, చుట్టూ టేపుతో బిగిసి ఉంటే, పంపు మధ్యలో ఆగిపోయినా నీళ్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ పోతూనే ఉంటాయి. డబ్బాలోంచి ట్యూబుతో కిరోసిన్ లాగడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పైపు నోటి చుట్టూ గాలి ఆడితే ఆ లాగుడు తెగిపోతుంది. టేపు, సిమెంటు, ఎంసీల్ ఏదీ అక్కడ వద్దు.

శాశ్వతంగా చేయించుకోవాలంటే, జాలీ దగ్గర నుంచి రెండంగుళాల పీవీసీ పైపును గోడ వెంట ముప్పావు మీటరు ఎత్తుకు నిలబెట్టించండి. దాని అడుగున ట్రాప్ ఉండాలి, లేకపోతే డ్రైనేజీ వాసన యుటిలిటీలోకే వస్తుంది. మిషన్ పైపు వంకీని ఈ నిలువు పైపు నోట్లో వదులుగా, బెత్తెడు లోతుకు తగిలించి, ఊడిపోకుండా ఒక ట్యాగ్ కట్టండి. అద్దె ఇల్లయితే యుటిలిటీ సింకు అంచుకు తగిలించి కట్టేసినా చాలు, సింకులో గిన్నెలు లేకుండా చూసుకుంటే. ఫుల్ వేగంతో వచ్చే నీళ్లకు కట్టని పైపు పాములా లేచి గోడలన్నీ తడుపుతుంది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోక తప్పదు. పక్క ఫ్లాట్ పెద్దావిడ చెప్పింది ఆవిడ మిషన్‌కు నిజమే. పంపు లేని టాప్ లోడ్ మిషన్లలో టబ్ అడుగున నిజంగానే మూసుకునే వాల్వు ఉంటుంది. నీళ్లు పోవాల్సినప్పుడు చిన్న మోటారు దాన్ని తెరుస్తుంది, నీళ్లు వాటి బరువుతో అవే జారిపోతాయి. అలాంటి మిషన్‌కు పైపు నేలబారుగానే ఉండాలి. గడప ఎత్తు దాటించినా నీళ్లు నిలిచిపోతాయి. సెమీ ఆటోమేటిక్ కూడా ఈ కోవలోదే. అయితే పంపున్న టాప్ లోడ్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అందుకే మిషన్ ఆకారం చూసి తీర్పు చెప్పకండి, పుస్తకంలో ఏముందో చూడండి. ఆవిడ మిషన్ సలహా మీ మిషన్‌కు అంటగట్టడమే ఈ గొడవంతటికీ మూలం.

నీళ్లు వచ్చే వైపు అపోహల్లో ముదిరింది ఒకటి: "పానాతో బిగిస్తేనే కారదు." ఇన్‌లెట్ పైపు నట్టు ప్లాస్టిక్‌ది. నీళ్లను ఆపేది దాని మర కాదు, లోపలున్న రబ్బరు వాషరు. చేత్తో బిగించి, ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. పానా వేస్తే వాషరు నలుగుతుంది, నట్టు పగులుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టాల్సింది కుళాయి గోడలోకి వెళ్లే మరకు, ఈ నట్టుకు కాదు. కుళాయి విప్పి, పొడి టిష్యూ కాగితం ఒకటి అతుకు చుట్టూ పెట్టి పది నిమిషాలాగి చూడండి. కంటికి ఆనని చెమ్మ కూడా కాగితం మీద తెలిసిపోతుంది.

మామూలు కుళాయి మూతికి నాలుగు స్క్రూలతో బిగించే అడాప్టర్ తాత్కాలికానికే. బూస్టర్ పంపున్న అపార్ట్‌మెంట్లలో అది ఏ రాత్రో ఊడితే, తెల్లారేసరికి కింది ఫ్లాట్‌వాళ్లు మీ తలుపు కొడతారు. ముప్పావు అంగుళం మరతో వాషింగ్ మిషన్‌కని అమ్మే కుళాయి పెట్టించుకోండి. ఉతుకు అయ్యాక దాన్ని కట్టేయండి.

"జల్లెడ తీసేస్తే ప్రెషర్ పెరుగుతుంది": పెరగదు, బోరు నీళ్ల ఇసుక వాల్వులో ఇరుక్కుంటే మిషన్ ఆఫ్‌లో ఉన్నా టబ్ నిండుతుంది. "వెనక బోల్టులు ఉంటేనే గట్టిగా ఉంటుంది": అవి లారీ ప్రయాణానికి, తీయకపోతే మిషన్ ఇల్లంతా నడుస్తుంది. "పై అంతస్తుకు ప్రెషర్ ఢోకా ఉండదు": ట్యాంకు దగ్గరైనకొద్దీ ప్రెషర్ తగ్గుతుంది. పది మీటర్ల ఎత్తు నీళ్లకు దాదాపు ఒక బార్, మూడు మీటర్లకు 0.3 బార్. చాలా మిషన్లు అడిగే కనిష్ఠం కూడా ఆ దగ్గరే. పది లీటర్ల బకెట్ నిండడానికి రెండు నిమిషాలు దాటితే, మిషన్ కొనకముందే ఆ సంగతి చూసుకోండి.

ఇన్‌స్టలేషన్‌కు వచ్చినాయన ఫోన్లో ఓటీపీ అడిగినప్పుడు వెంటనే చెప్పేయకండి. బట్టలు వేయకుండా రిన్స్ అండ్ స్పిన్ ఒకసారి నడిపించమనండి. నీళ్లు పట్టేటప్పుడు డ్రైన్ పైపు చివర పొడిగా ఉండాలి, వదిలేటప్పుడు జాలీ పొంగకూడదు. రెండూ మీ కళ్లతో చూశాకే ఓటీపీ ఇవ్వండి.