మూడు తప్పులు, ఒక ఒప్పు

ఆవర్తన పట్టిక మీద ప్రాక్టీసు ప్రశ్న రాయమంటే చాలామంది మొదట రాసేది ఇదే: ‘పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్తే పరమాణు వ్యాసార్థం ఏమవుతుంది?’ కింద నాలుగు ఆప్షన్లు. పెరుగుతుంది, తగ్గుతుంది, మారదు, మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఏ ఇంటర్ క్లాసులో ఈ ప్రశ్న వేసినా దాదాపు అందరూ ‘తగ్గుతుంది’ అని పెట్టేస్తారు. సారు సంతోషిస్తారు. నిజానికి ఆ ప్రశ్న పిల్లల గురించి సారుకు కొత్తగా చెప్పిందేమీ లేదు. కంఠతా వచ్చిన వాక్యాన్ని తిరిగి వినిపించుకోవడమే అది.

ఏపీ ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు. అందులో కెమిస్ట్రీవి 40. ఆ పరీక్ష వాక్యాన్ని అడగదు, వాక్యం ఎక్కడ బెసుకుతుందో అక్కడ అడుగుతుంది. ప్రాక్టీసు పేపరు తయారు చేసేవాళ్లు కూడా పని అక్కడే మొదలెట్టాలి. ఒక్క ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా కట్టి చూద్దాం.

అంశం మొదటి అయనీకరణ ఎంథాల్పీ, అంటే వాయుస్థితిలో ఉన్న పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తి. రెండో పీరియడ్‌లో పక్కపక్కనే ఉన్న నాలుగు మూలకాలు తీసుకుందాం. విలువలు మోల్‌కు కిలోజౌళ్లలో బోరాన్‌కు 801, కార్బన్‌కు 1086, నైట్రోజన్‌కు 1402, ఆక్సిజన్‌కు 1314. కుడికి పోతుంటే పెరగాలన్న నియమం ఆక్సిజన్ దగ్గర ఒక మెట్టు దిగింది. ప్రశ్న పుట్టాల్సింది ఆ మెట్టు దగ్గరే. ఆరోహణ క్రమం అడిగితే సరైన జవాబు B < C < O < N. దీని పక్కన పెట్టే మూడు తప్పులను మాత్రం చేతికొచ్చినట్టు రాయకూడదు. ప్రతి తప్పు వెనకా ఒక పిల్లాడి ఆలోచన ఉండాలి.

నియమాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్న పిల్లాడు B < C < N < O పెడతాడు. అది మొదటి తప్పు. వ్యాసార్థం తగ్గడాన్నీ అయనీకరణ శక్తి పెరగడాన్నీ తారుమారు చేసుకున్నవాడు O < N < C < B అంటాడు. అది రెండోది. మూడోది కొంచెం తమాషాగా ఉంటుంది. ఈ వరుసలో మినహాయింపులు రెండున్నాయని, బోరాన్ దగ్గర ఒకటి, ఆక్సిజన్ దగ్గర ఒకటి అని వినీ వినక విన్నవాడు C < B < O < N అని రాస్తాడు. బోరాన్ విలువ పడిపోయే మాట నిజమే, కానీ పడేది కార్బన్ కంటే కాదు, ఎడమ పక్కనున్న బెరీలియం కంటే. బెరీలియం విలువ 899. అక్కడ తీయాల్సింది 2s ఎలక్ట్రాన్. బోరాన్‌లో తీసేది దానికంటే కాస్త ఎక్కువ శక్తిస్థాయిలో, వదులుగా ఉన్న 2p ఎలక్ట్రాన్. పిల్లాడికి మినహాయింపు తెలుసు, దాని చిరునామా తెలియదు.

ప్రశ్న కాగితం మీద ఇలా వస్తుంది:

B, C, N, O మూలకాల మొదటి అయనీకరణ ఎంథాల్పీల ఆరోహణ క్రమం ఏది?
(1) B < C < N < O
(2) O < N < C < B
(3) B < C < O < N
(4) C < B < O < N

జవాబు (3). ఇక వివరణ. బజార్లో దొరికే ప్రశ్నల పుస్తకాల్లో తరచుగా కనిపించేది ‘నైట్రోజన్‌లో సగం నిండిన p ఆర్బిటాళ్లు స్థిరమైనవి కాబట్టి’ అనే ఒక్క ముక్క. ఎందుకు స్థిరం అని అడిగితే సగం నిండాయి గనక అంటారు. ఇది చుట్టూ తిరిగి మొదటికొచ్చే మాట, దీన్నుంచి పిల్లాడు ఇంకో ప్రశ్నకు దారి వెతుక్కోలేడు. దాని బదులు నాలుగు వాక్యాలు చాలు: నైట్రోజన్ 2p³లో మూడు ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉన్నాయి. ఆక్సిజన్ 2p⁴లో నాలుగోది అప్పటికే ఒక ఎలక్ట్రాన్ ఉన్న ఆర్బిటాల్‌లో జతగా చేరాలి. జతలోని రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి గనుక ఒకదాన్ని తీయడం తేలిక. (4) పెట్టినవాళ్లు బోరాన్‌ను కార్బన్‌తో కాక బెరీలియంతో పోల్చి చూడండి.

ఆఖరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో వివరణలో అన్నిటికంటే విలువైనది అదే. ఒప్పు పెట్టినవాడు వివరణ చదవడు. తప్పు పెట్టినవాడు చదువుతాడు, తను ఎక్కడ దారి తప్పాడో అక్కడి నుంచి చెబితేనే వాడికి ఎక్కుతుంది. ఆ మెట్టుకు కారణం జతలోని ఎలక్ట్రాన్ల నెట్టుడేనని తెలిసినవాడు మూడో పీరియడ్‌లో ఫాస్ఫరస్‌కు 1011, సల్ఫర్‌కు 999 చూసినప్పుడు మళ్లీ బట్టీ పట్టక్కర్లేదు.

బట్టీ అంటే గుర్తొచ్చింది. పల్నాడులో ఇంకో రకం బట్టీలున్నాయి. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపురాయిని కాల్చి సున్నం తీసేవి. ఈ జిల్లా పిల్లలకు రెండో గ్రూపు మూలకాల మీద ప్రశ్న రాయాలంటే ఇంతకంటే దగ్గరి ముడిసరుకు దొరకదు. కాల్షియం కార్బొనేట్‌ను సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. మెగ్నీషియం కార్బొనేట్‌కు దాదాపు 540 డిగ్రీలు చాలు. బేరియం కార్బొనేట్ 1360 దాకా మొండికేస్తుంది. ప్రశ్న ఇది: వీటిలో అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతకే విడిపోయేది ఏది? ఆప్షన్లు MgCO₃, CaCO₃, BaCO₃, ‘ఒకే గ్రూపు కాబట్టి మూడూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు’.

బేరియంను ఎంచుకునేవాళ్ల తర్కం ఊహించడం తేలిక. గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ లోహం చురుకుదనం పెరుగుతుంది కాబట్టి దాని కార్బొనేట్ కూడా తొందరగా విడిపోతుందని. లోహం చురుకుదనం వేరు, దాని సమ్మేళనం నిలకడ వేరు. వివరణలో చెప్పాల్సిన కారణం అయాన్ సైజు. Mg²⁺ వ్యాసార్థం 72 పికోమీటర్లు, Ba²⁺ది 135. ఆవేశం రెండిటికీ ఒకటే, కాబట్టి చిన్న అయాన్ దగ్గర అది చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనం కార్బొనేట్‌లోని ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాగి బంధాన్ని బలహీనపరుస్తుంది. బేరియం అంత గట్టిగా లాగలేదు. ఇక పిడుగురాళ్ల పిల్లాడు CaCO₃ పెట్టే ప్రమాదం ఒకటుంది, కాలడం వాడు కళ్లారా చూసింది దాన్నే మరి. అందుకే వివరణలో ఆ 900 అంకె కూడా రాయాలి. బట్టీకి అంత మంట ఎందుకో తెలిస్తే కాల్షియం స్థానం మెగ్నీషియం కిందనే అని దానంతటదే తేలుతుంది.

కొన్ని ప్రశ్నలు పిల్లల తప్పును కాక రాసినవాళ్ల తప్పును బయటపెడతాయి. ఆవర్తన పట్టికలో ఇలాంటి గోతులు ముఖ్యంగా రెండు. మొదటిది జడవాయువులు. N, O, F, Ne ఇచ్చి ఏది చిన్నది అని అడిగితే నియమం పట్టుకున్నవాడు నియాన్ అంటాడు. పాఠ్యపుస్తకం చదివినవాడు ఫ్లోరిన్ అంటాడు, ఎందుకంటే నియాన్‌కు సాధారణంగా ఇచ్చేది వాండర్‌వాల్స్ వ్యాసార్థం, అది సమయోజనీయ వ్యాసార్థం కంటే పెద్ద అంకె. రెండు వేరువేరు కొలతలను ఒకే వరుసలో నిలబెట్టాం. ఏ రకం వ్యాసార్థమో ప్రశ్నలో రాయలేకపోతే నియాన్‌ను తీసేయడమే మంచిది.

రెండోది గుర్తుల గొడవ. ‘ఎలక్ట్రాన్ గ్రాహక ఎంథాల్పీ దేనికి ఎక్కువ? F, Cl, Br, I.’ విలువలు వరుసగా −328, −349, −325, −295. రాసినవారి ఉద్దేశంలో జవాబు క్లోరిన్. ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది, 2p చోటు ఇరుకు, కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్‌ను లోపలున్నవి నెడతాయి. క్లోరిన్‌లో 3p కాస్త విశాలం. కానీ లెక్కల బుర్ర ఉన్న పిల్ల −295 అనేది −349 కంటే ఎక్కువ కదా అని అయోడిన్ పెట్టిందనుకోండి, ఆమెను తప్పు పట్టగలమా? ప్రశ్నను ‘అత్యధిక ఋణాత్మక ఎలక్ట్రాన్ గ్రాహక ఎంథాల్పీ దేనికి?’ అని మారిస్తే గొడవ పోతుంది. ‘ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు అత్యధిక శక్తి విడుదల చేసేది ఏది?’ అంటే ఇంకా సూటిగా ఉంటుంది.

ఇలాంటి లోపం రాసినవారికి చదివితే కనిపించదు, ఎందుకంటే వారి తలలో జవాబు ముందే ఉంది. క్లాసులో వేసిన తర్వాత లెక్క తీస్తే కనిపిస్తుంది. 40 మంది ఉన్న క్లాసు అనుకుందాం. మొత్తం మార్కుల వరుసలో పైన ఉన్న 11 మందినీ, కింద ఉన్న 11 మందినీ విడదీయాలి. ఇది పాతకాలం నుంచి పరీక్షల లెక్కలో వాడే 27 శాతం పద్ధతి. ఒక్కో ప్రశ్నకు ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో గీతలు గీసుకోవాలి. అయనీకరణ ప్రశ్నకు పైవాళ్లలో ఏడుగురు, కిందివాళ్లలో ఇద్దరు ఒప్పు పెట్టారనుకోండి. తేడా అయిదు, దాన్ని పదకొండుతో భాగిస్తే 0.45. ప్రశ్న తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ బాగానే వేరు చేస్తోందన్నమాట. మిగతా పైవాళ్లలో ముగ్గురు (4) దగ్గర పడ్డారంటే ఆ తప్పు ఆప్షన్ తన పని తాను చేసినట్టే. కిందివాళ్లలో ఆరుగురు (1) పెట్టారంటే వారికి నియమం దాటి పాఠం చేరలేదని అర్థం. (2) వైపు ఎవరూ చూడకపోతే అది అలంకారానికి ఉన్న ఆప్షన్, మార్చేయొచ్చు.

అదే గుర్తుల ప్రశ్నకు పైవాళ్లలో నలుగురే క్లోరిన్ పెట్టి, ఆరుగురు అయోడిన్ పెట్టారనుకోండి. కిందివాళ్లలో అయిదుగురు క్లోరిన్ పెట్టారు. బాగా చదివేవాళ్లు తక్కువగా, చదవనివాళ్లు ఎక్కువగా సరైన జవాబు పెడుతున్నారంటే అనుమానించాల్సింది పిల్లల్ని కాదు, ప్రశ్నను. లేదా కీని. ఒక్కోసారి ఆప్షన్ల వరుస మార్చినప్పుడు కీలో అంకె మార్చడం మర్చిపోతారు, అప్పుడూ లెక్క ఇలాగే తల్లకిందులవుతుంది.

ఇంకో చిక్కుంది. ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కు కోత లేదు, అందుకని తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావడమే పిల్లలకు అలవాటు. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు ఒక మార్కు కోత. ప్రాక్టీసు పేపర్లో మాత్రం గుడ్డిగా పెట్టిన ఒప్పు మన లెక్కల్ని పాడుచేస్తుంది. నాలుగు ఆప్షన్లంటే 40 మందిలో పదిమందికి ఊరికే తగలొచ్చు. దీనికి తేలికైన ఉపాయం, జవాబు గడి పక్కనే ఇంకో చిన్న గడి. ఖాయంగా తెలిస్తే టిక్కు, ఊహ అయితే చుక్క. మార్కులు వేసేటప్పుడు రెండిటికీ ఒకటే విలువ, వివరణ చదివించేటప్పుడు మాత్రం చుక్క పెట్టి ఒప్పు కొట్టినవాళ్లను తప్పు కొట్టినవాళ్ల బెంచీలోనే కూర్చోబెట్టాలి. టిక్కు పెట్టి మరీ తప్పు కొట్టినవాళ్లను విడిగా పిలిచి, ఆ ఆప్షన్ ఎందుకు పెట్టారో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. వచ్చే పేపరుకు తప్పు ఆప్షన్లు ఆ మాటల్లోంచే దొరుకుతాయి.