ఇరవై సెంటీమీటర్లా, పన్నెండా?

కూరగాయల కొట్లో స్ప్రింగు కాటా పళ్లెం మీద కిలో వంకాయలు ఒక్కసారిగా వదిలేస్తే ముల్లు కిలో దగ్గర ఆగదు. దాదాపు రెండు కిలోల దాకా దూకి, కాసేపు ఊగి, అప్పుడు కిలో మీదికి వస్తుంది. కొట్టువాడు మోసగాడేమీ కాదు, అది స్ప్రింగు తీరు.

ఇప్పుడు అదే వస్తువును కొంత ఎత్తు నుంచి వదులుదాం. నేల మీద నిలబెట్టిన తేలికపాటి స్ప్రింగుకు 30 సెంటీమీటర్ల పైనుంచి 2 కిలోల దిమ్మె వదిలామనుకోండి. స్ప్రింగు బిరుసుతనం మీటరుకు 500 న్యూటన్లు. అది గరిష్ఠంగా ఎంత నొక్కుకుంటుంది?

పూర్తిగా నొక్కుకున్న క్షణంలో దిమ్మె వేగం సున్నా. వదిలినప్పుడూ సున్నాయే. కాబట్టి మధ్యలో వేగం ఎంతన్నది మనకు అక్కర్లేదు. దిమ్మె కిందికి దిగి పోగొట్టుకున్న స్థితిజ శక్తి అంతా స్ప్రింగులో చేరిందని రాస్తే చాలు. దిమ్మె దిగిన దూరం 30 సెంటీమీటర్లే కాదు. స్ప్రింగును తాకాక కూడా అది x మేర దిగుతూనే ఉంది. అందుకే:

mg(h + x) = ½kx²

గురుత్వ త్వరణం 10 అనుకుంటే 20(0.3 + x) = 250x². ఈ వర్గ సమీకరణానికి రెండు జవాబులు: 0.2, −0.12. మనకు కావలసింది 20 సెంటీమీటర్లు.

పిల్లలు ఎక్కువగా జారేది ఆ కూడిక గుర్తు దగ్గరే. x ను పూర్తిగా మరిచిపోతే 15.5 సెంటీమీటర్లు వస్తుంది. ‘స్ప్రింగు పైకి తోస్తోంది కదా’ అని h − x రాస్తే సరిగ్గా 12 వస్తుంది. చూడ్డానికి ముచ్చటైన సంఖ్య, అందుకే అనుమానం రాదు. స్ప్రింగు పైకి తోయడం నిజమే కానీ, ఆ లెక్క ½kx² లో అప్పుడే పడిపోయింది. ఎడమవైపు ఉండాల్సింది దిమ్మె ఎంత దిగిందన్నదే. బొమ్మ గీసి, వదిలిన చోటు నుంచి ఆగిన చోటికి బాణం వేస్తే ఈ తప్పు జరగదు.

మరి −0.12 ఏమిటి? దిమ్మె స్ప్రింగుకు అతుక్కుపోయి ఉంటే, పైకి లేచినప్పుడు స్ప్రింగు అసలు పొడవుకు 12 సెంటీమీటర్లు పైదాకా వెళ్లేది. సమతాస్థితి 4 సెంటీమీటర్ల కింద ఉంది. దానికి అటూ ఇటూ 16 చొప్పున కొలిస్తే 20, −12 వస్తాయి. జవాబు సరిచూసుకోవడానికి ఇదే నాకు నచ్చిన దారి.

ఎత్తు సున్నా చేసినా సరిచూసుకోవచ్చు. సమీకరణం x = 2mg/k ఇస్తుంది, అంటే మెల్లగా దించితే నొక్కుకునే దానికి రెండింతలు. కాటా ముల్లు రెండు కిలోల వైపు దూకింది ఇందుకే. పూర్తిగా రెండు చేరకపోవడానికి కారణం లోపలి రాపిడి.

మన దిమ్మె విషయంలో 20 సెంటీమీటర్ల దగ్గర స్ప్రింగు తోపు 100 న్యూటన్లు, దిమ్మె బరువుకు అయిదింతలు.