కొండ గోడ మీద రాయి సాగిపోకుండా

వీడియో గేమ్‌లో నేల మీద నడుస్తున్నంతసేపూ గులకరాళ్లు గులకరాళ్లలాగే కనిపిస్తాయి. తలెత్తి పక్కనున్న నిటారు కొండను చూస్తే మాత్రం, అదే రాతి బొమ్మ పైనుంచి కిందికి పొడవాటి చారలుగా సాగిపోయి ఉంటుంది. పాత గేముల్లో ఇది తరచూ కనిపించేది. సొంతంగా గేములు తయారుచేయడం మొదలుపెట్టిన కుర్రాళ్లకు ఈరోజుకీ మొదటి కొండ దగ్గరే ఈ సమస్య ఎదురవుతుంది.

బొమ్మ నాణ్యత తక్కువై ఇలా జరగదు. గేముల్లోని నేలను ఎక్కువగా గళ్ల కాగితంలాంటి పట్టికతో తయారుచేస్తారు. ఒక్కో గడిలో ఆ చోటు ఎంత ఎత్తుందో రాసి ఉంటుంది. ఆ నేల మీద పరిచే రాతి ఫొటోను ‘టెక్స్చర్’ అంటారు. సినిమా హాల్లోని ప్రొజెక్టర్‌ను నడినెత్తిన పెట్టి కిందికి వేసినట్టుగా దాన్ని నేల మీద పడేస్తారు. చదునైన చోట ఇబ్బంది లేదు. వాలు పెరిగేకొద్దీ అదే బొమ్మ ఎక్కువ పొడవు మీద పరుచుకోవాల్సి వస్తుంది.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. 1024 పిక్సెళ్ల టెక్స్చర్‌ను నాలుగు మీటర్ల మేర పరిచారనుకుందాం. చదునైన నేల మీద మీటరుకు 256 పిక్సెళ్లు వస్తాయి. 60 డిగ్రీల వాలు మీద బొమ్మ సరిగ్గా రెండింతలు సాగుతుంది. 80 డిగ్రీలకు చేరేసరికి, పైనుంచి చూస్తే ఒక్క మీటరే ఉన్న జాగా వాలు వెంబడి దాదాపు 5.8 మీటర్లు అవుతుంది. మీటరుకు 44 పిక్సెళ్లే మిగులుతాయి. గుప్పెడంత రాయి నిలువెత్తు గీతగా మారేది ఇక్కడే. పోనీ 4096 పిక్సెళ్ల టెక్స్చర్ వాడదామంటే, చార స్పష్టంగా కనిపిస్తుందే తప్ప సాగడం ఆగదు.

విడి బండరాయైతే ఆర్టిస్టు కూర్చుని, టెక్స్చర్‌లో ఏ భాగం ఏ ముఖం మీద పడాలో చేత్తో సర్దవచ్చు. కిలోమీటర్ల కొండల్ని అలా సర్దడం అయ్యే పని కాదు. అసలు మనిషి చెయ్యే పడని కొండలూ ఉంటాయి. ఎన్విడియా సంస్థ ‘క్యాస్కేడ్స్’ ప్రదర్శనలో రాతి స్తంభాలను, గుహలను, ముందుకు వేలాడే బండలను గ్రాఫిక్స్ చిప్ గణిత సూత్రాలతో అప్పటికప్పుడు పుట్టించింది. దాని వెనకున్న పనిని ర్యాన్ గైస్ 2007లో వెలువడిన ‘జీపీయూ జెమ్స్ 3’ పుస్తకం మొదటి అధ్యాయంలో వివరించారు. అప్పటికప్పుడు పుట్టే రాయికి టెక్స్చర్‌ను ముందే సర్దిపెట్టడం కుదరదు కదా! అందుకు ఆయన అక్కడ వివరించిన మార్గమే ట్రైప్లేనార్ మ్యాపింగ్.

పేరు బరువుగా ఉన్నా పని తేలిక. పైనుంచి ఒకే ప్రొజెక్టర్‌కు బదులు మూడు పెడతారు: ఒకటి పైనుంచి, ఒకటి తూర్పు పడమరల దిశలో, ఒకటి ఉత్తర దక్షిణాల దిశలో. ప్రతి బిందువు దగ్గరా ఉపరితలం ఎటు చూస్తోందో చెప్పే దిశ ఒకటి కంప్యూటర్ దగ్గర ఉంటుంది. దాన్ని ‘నార్మల్’ అంటారు. ఆ దిశ ఏ ప్రొజెక్టర్‌కు ఎక్కువ ఎదురుగా ఉంటే ఆ బొమ్మకు ఎక్కువ వాటా ఇచ్చి, మూడింటినీ కలుపుతారు. అన్నిటికంటే ఎదురుగా ఉన్న ప్రొజెక్టర్ బొమ్మ ఎంత వంకర రాయి మీదైనా 1.73 రెట్లకు మించి సాగదు. మూడు దిశలకూ సమానంగా ఏటవాలుగా ఉన్న మూల మీద మాత్రమే అంత దాకా వెళ్తుంది.

వాటాలు పంచడంలోనే మెలకువంతా ఉంది. తూర్పు ముఖంగా ఉన్న మన 80 డిగ్రీల కొండనే తీసుకుందాం. దాని నార్మల్‌లో తూర్పు భాగం 0.985, పై భాగం 0.174. వీటిని ఉన్నదున్నట్టు వాటాలుగా మారిస్తే పక్క బొమ్మకు 85 శాతం, పై బొమ్మకు 15 శాతం వస్తాయి. ఆ 15 శాతంలో పాత సాగిన చారలే ఉంటాయి కాబట్టి, అవి కొండ మీద నీడగా కనిపిస్తూనే ఉంటాయి. అందుకే సంఖ్యలను ముందు నాలుగో ఘాతానికి పెంచుతారు. అప్పుడు పై బొమ్మ వాటా వెయ్యిలో ఒకటికి పడిపోతుంది. గైస్ పద్ధతి వేరు: ప్రతి సంఖ్య నుంచీ 0.2 తీసేసి, సున్నాకంటే తగ్గినవాటిని వదిలేశారు. రెండు దారుల్లోనూ నిటారు కొండ శుభ్రంగా వస్తుంది.

అయితే సరిగ్గా ఆగ్నేయానికి తిరిగిన నిలువు గోడ మీద ఏ ఘాతమూ పనిచేయదు. అక్కడ రెండు పక్క బొమ్మలకూ చెరి సగం వాటా. ఎన్నోసారి హెచ్చించినా సగం సగమే. గోడ పొడవునా ఒక ఫొటో మీద మరొకటి అచ్చయినట్టు రాయి మసకబారుతుంది. దీనికి మంచి విరుగుడు, టెక్స్చర్‌లో ఏ రాయి ఎంత ఉబ్బెత్తుగా ఉందో కూడా చూసి, ఎత్తున్న రాయి ఉన్న బొమ్మనే ఆ చోట గెలవనివ్వడం. ఇలాంటి చోట్లను పట్టుకోవాలంటే మూడు బొమ్మలకూ తాత్కాలికంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వేసి కొండను చూడాలి. రంగులు విస్తారంగా కలిసిపోయిన చోటే మసక ఉంటుంది.

పొరలున్న రాయి దగ్గర ఇంకో తప్పు బయటపడుతుంది. కడప జిల్లా గండికోటలో పెన్నా నది కోసిన ఎర్రటి రాతి గోడల్ని చూసినవారికి పొరలు అడ్డంగా ఎలా పేర్చినట్టుంటాయో తెలుసు. అలాంటి టెక్స్చర్‌ను తూర్పు ముఖానికి `yz` అనే వరసలో చదివితే బొమ్మ పక్కకు పడిపోయి, పొరలన్నీ నిలువుగా నిలబడతాయి. నిలువు అక్షం y అయిన గోడో, యూనిటీ లాంటి ఇంజిన్లలో `zy` అని రాయాలి. పైనుంచి పడే బొమ్మకు వేరే టెక్స్చర్ వాడాలి. లేకపోతే కొండ నెత్తిన కూడా పొరల చారలే పరుచుకుంటాయి. అంకెలు రాసిన టెక్స్చర్‌ను పెట్టి చూస్తే ఇవన్నీ ఇట్టే దొరుకుతాయి. పక్కకు తిరిగిన అంకెలు, అద్దంలోలా తిరగబడిన అంకెలు కంటికి వెంటనే కనబడతాయి.

రాతి గరుకుతనాన్ని చూపే నార్మల్ మ్యాప్‌ను రంగుల బొమ్మలాగే కలిపేస్తే సరిపోదు. ప్రతి ముఖం దగ్గరా ఆ దిశలను ఆ ముఖానికి తగ్గట్టు తిప్పాలి. లేదంటే కొన్ని ముఖాల మీద బుడిపెలు గుంటల్లా కనిపిస్తాయి. గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ బెన్ గోలస్ 2017లో ఈ ఒక్క విషయం మీదే సవివరమైన వ్యాసం రాశారు. గేమ్‌లోని సూర్యుణ్ణి కొండ చుట్టూ ఒకసారి తిప్పి చూస్తే, వెలుగు బుడిపెకు తప్పు పక్కన పడుతోందో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదంతా మొదటి నుంచీ రాసుకోనక్కర్లేదు. గోడోలో `Triplanar` అనే మీట ఉంది, అన్‌రియల్‌లో `WorldAlignedTexture`, బ్లెండర్‌లో `Box`. కానీ మీట తేలికని అన్నిటికీ నొక్కితే ఫోన్ వేడెక్కుతుంది. గడ్డి, మట్టి, ఇసుక, రాయి అని నాలుగు పొరలు, ఒక్కోదానికి రంగు, గరుకు, మెరుపు అని మూడు బొమ్మలు ఉంటే, మామూలు పద్ధతిలో తెర మీది ప్రతి చుక్కకూ టెక్స్చర్‌ను 12 సార్లు చదవాలి. అన్నిటికీ ట్రైప్లేనార్ పెడితే 36 సార్లు. గడ్డీ ఇసుకా నిటారు గోడ మీద ఎలాగూ నిలవవు కాబట్టి, ఒక్క రాతి పొరకే దీన్ని వాడండి. 18తో పని జరిగిపోతుంది.