మునగాకు వరసలో మూడు అంకెలు

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారి ఫోను. "మునగపొడి తాగితే రక్తం పడుతుందా, పడదా? ఆదివారం ముఖచిత్ర కథనం అదే. గురువారం రాత్రికి కాపీ కావాలి." నోయిడాలో ఉంటున్న నాకు ఈ ప్రశ్న దూరంది కాదు. మా పై అంతస్తులోని తెలుగు ఇల్లాలు మూడు నెలలుగా అదే పొడి తాగుతోంది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి అడిగాను. ఆమె రెండు రిపోర్టులు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటి దాంట్లో హిమోగ్లోబిన్ 9, మూడు నెలల తర్వాతి దాంట్లో 9.2. "డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిందన్నయ్యగారూ. నాలుగు రోజులు వేసుకుంటే కడుపులో తిప్పింది, మానేశాను. ఈ పొడైతే ప్రకృతి సిద్ధం కదా అని రోజూ రెండు చెంచాలు వేడి పాలల్లో కలుపుకుని తాగుతున్నాను." డబ్బా చేతికిచ్చింది. దాని మీద పెద్దక్షరాలతో ఉంది: పాలకూర కన్నా 25 రెట్లు ఇనుము.

మునగాకంటే నాకు ప్రాణం. ఆషాఢంలో అమ్మమ్మ తెలగపిండి వేసి వండిన మునగాకు కూర రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. అందుకే ఆ 25 ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. వారంలో సగం దాని వెనకే తిరిగాను.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన తిండి పదార్థాల పోషక విలువల పట్టికలు వేస్తుంది. దేశంలో ఏ డైటీషియన్ లెక్క వేసినా చివరికి చూసేది ఆ పట్టికలనే. వాటిలో మునగాకు వరస మీద వేలు పెట్టి చదివితే కథ అక్కడే దొరుకుతుంది. పాత పుస్తకం ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో ఇనుము 7 మిల్లీగ్రాములు. అదే పుస్తకం సవరించాక అది 0.85. సంస్థ 2017లో కొత్తగా వేసిన పట్టికలో 4.56. ఆకు అదే, సంస్థ అదే, అంకెలు మూడు. పాలకూరకూ ఇదే జరిగింది. 10.9 నుంచి 1.14కి దిగి, 2017లో 2.95 దగ్గర నిలిచింది.

ఇక 25 రెట్ల మాట. 1990ల చివర్లో సెనెగల్‌లో పనిచేసిన లోవెల్ ఫ్యూగ్లీ మునగ మీద రాసిన పుస్తకంలో 100 గ్రాముల ఎండు పొడికి 28.2 మిల్లీగ్రాముల ఇనుము చూపించాడు. దాన్ని పాలకూర పాత విలువ 1.14తో భాగించి చూడండి. దాదాపు 25 వస్తుంది. కాకతాళీయమేమోనని రెండో లెక్కా చేశాను. మునగ ప్రచార పత్రాల్లోనే మరో వాక్యం ఉంటుంది: పచ్చి మునగాకులో ఇనుము పాలకూరలో ఉన్నదానికి ముప్పాతిక వంతు. 0.85ని 1.14తో భాగిస్తే దాదాపు ముప్పాతికే. రెండు లెక్కలూ ఇలా అతికినట్టు సరిపోయాక, ఆ ప్రచారానికి మూలం మన తార్నాక పట్టికలోని పాత అంకెలేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది. డబ్బాల వాళ్లు ముప్పాతిక మాట వదిలేసి 25 మాత్రం అచ్చువేసుకున్నారు.

అసలు పొరపాటు తూకంలో ఉంది. ఒక వైపు నీళ్లన్నీ ఇంకిపోయిన పొడి, రెండో వైపు నూటికి 90 పాళ్లు నీరున్న పచ్చి పాలకూర. పాలకూరనూ ఎండబెట్టి పొడి చేస్తే పదోవంతు బరువే మిగులుతుంది, ఆ పొడి 100 గ్రాముల్లో ఇనుము 29 మిల్లీగ్రాముల దాకా తేలుతుంది. మునగాకులో నీరు నూటికి 75 పాళ్లు. కాబట్టి 2017 పట్టికను బట్టి మునగపొడిలో ఉండేది 18 మిల్లీగ్రాములే. పొడికి పొడి తూచితే పాలకూరే ముందుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మునగ పుట్టిల్లు హిమాలయాల దిగువ ప్రాంతం, అంటే నోయిడా వాళ్లు సహజన్ అనే ఈ చెట్టు వాళ్లకు మనకన్నా దగ్గరి చుట్టం. అయినా ఇక్కడ కాయే కూర, ఆకు కొమ్మతో పాటు చెత్తలోకి పోతుంది. ఆకు తినే అలవాటు దక్షిణాదిది. పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది.

మళ్లీ పై అంతస్తు రిపోర్టుల దగ్గరికి వస్తాను. ఆమె బరువు 50 కిలోలు. కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో రక్తం మూడుంపావు లీటర్లు. హిమోగ్లోబిన్ 9 నుంచి 12కి పెరగాలంటే డెసిలీటరుకు 3 గ్రాముల చొప్పున మొత్తం 98 గ్రాముల హిమోగ్లోబిన్ కొత్తగా తయారవ్వాలి. ఒక్కో గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల ఇనుము పడుతుంది. అంటే ఆమెకు తక్కువైన ఇనుము 330 మిల్లీగ్రాముల పైచిలుకు. ఒంట్లో అడుగంటిన నిల్వలు నిండడానికి కావలసింది ఇందులో కలపలేదు.

రెండు చెంచాల పొడి అంటే 5 గ్రాములు. 28.2 అన్న పెద్ద అంకెనే పట్టుకున్నా అందులో ఇనుము 1.4 మిల్లీగ్రాములు. ఆకుల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా సులువుగా ఒంటబట్టదు. ఉదారంగా నూటికి 8 పాళ్లు అనుకుంటే రోజుకు రక్తంలోకి చేరేది 0.11 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 330 పూడాలంటే 3,000 రోజులు, ఎనిమిదేళ్లు దాటుతుంది. నెలసరిలో పోయే రక్తాన్ని కూడా తలుచుకుంటే ఆ లోటు పొడితో ఎప్పటికీ పూడదు.

డాక్టరు రాసిన మాత్ర సంగతి చూద్దాం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. పదో వంతు ఒంటబట్టినా రోజుకు 6 మిల్లీగ్రాములు. అదే 330 రెండు నెలల్లోపు పూడుతుంది. ఆపైన నిల్వల కోసం మరికొన్ని నెలలు వాడమంటారు.

అలాగని మునగాకును తీసిపారేస్తానా? లేదు. రక్తహీనత వచ్చాక అది మందు కాదు, రాకుండా చూసే తిండిలో దానికి గౌరవమైన చోటుంది. ఆ చోటు డబ్బాలో కాదు, మూకుట్లో ఉందంటాను. రెండు పెద్ద గుప్పెళ్ల దూసిన ఆకు 50 గ్రాములు తూగుతుంది. దాంతో పప్పు వండితే 2.3 మిల్లీగ్రాముల ఇనుము వస్తుంది. అంత ఇనుము పొడి నుంచి రావాలంటే అయిదు చెంచాలు మింగాలి. ఆ చేదుతో అంత పొడి తినేవాళ్లను నేనైతే చూడలేదు.

వండితే ఇనుము పోతుందన్న భయం అనవసరం. ఇనుము లోహం, మంటకు ఆవిరైపోదు. పోయేదల్లా ఉడికించి వార్చిన నీళ్లతోనే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పచ్చి మునగాకుకు 4, ఉడికించి వార్చిన ఆకుకు 2.32 ఉంది. మనం పప్పులోనో తెలగపిండితోనో వండుతాం, నీళ్లు వార్చం. పైగా ఉడకడం మేలే చేస్తుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం 2006లో ప్రకటించిన పరీక్షల్లో ఉడికించిన మునగాకు నుంచి విడుదలైన ఇనుము పచ్చిదాని కన్నా మూడున్నర రెట్లు ఉంది. ఎండు పొడిని ఉడికించినా మూడు రెట్లు పెరిగింది. అవి గాజు గొట్టాల్లో జరిగిన పరీక్షలు, మనిషి కడుపులో కాదు. ఆ మాట గుర్తుంచుకుంటూనే, పొడిని చల్లటి జ్యూసులో కాకుండా ఉడుకుతున్న పప్పులోనో చారులోనో వేయమని చెబుతాను.

ఎండబెడితే నిజంగా నష్టపోయేది విటమిన్ సి. తాజా ఆకు 100 గ్రాముల్లో అది 108 మిల్లీగ్రాములు. ఫ్యూగ్లీ పొడిలో 17.3 మాత్రమే. రెండు చెంచాల్లో ఒక మిల్లీగ్రాము కూడా రాదు. ఆకుల్లోని ఇనుమును ఒంటబట్టించేది విటమిన్ సి. అదే పోయినప్పుడు పక్కన నిమ్మకాయ ఉండాల్సిందే. దించాక పిండాలి, పొయ్యి మీద కాదు. పై అంతస్తు ఇల్లాలు సరిగ్గా దీనికి ఎదురు పని చేసింది. పాలల్లోని కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. మునగపొడిలోనూ కాల్షియం దండిగా ఉంటుంది. ఆ కాసింత ఇనుముకు దారి రెండు వైపులా మూసుకుపోయింది. కూర తిన్న వెంటనే టీ తాగినా ఇదే జరుగుతుంది.

బుధవారం సాయంత్రం ఈ లెక్క కాగితం తీసుకుని మళ్లీ పైకి వెళ్లాను. ఆమె ఓపిగ్గా విని, "అయితే మూడు నెలలు వృథాయేనా అన్నయ్యగారూ?" అంది. మాత్ర పడలేదని డాక్టరుకు చెప్పారా అని అడిగాను. చెప్పలేదట. మర్నాడు ఫోను చేసింది. రోజు విడిచి రోజు, రాత్రి భోజనమయ్యాక వేసుకుని చూడమన్నారట. తిన్నాక వేసుకుంటే ఇనుము తక్కువ ఒంటబడుతుంది, కానీ మానేసిన మాత్ర కన్నా అది చాలా నయం. మలం నల్లబడితే భయపడొద్దని కూడా చెప్పారట. నెల తర్వాత మళ్లీ రక్త పరీక్ష. మాత్ర పనిచేస్తుంటే అప్పటికి దాదాపు ఒక గ్రాము పెరిగి కనిపించాలి.

మేడ మీద ఎండబెట్టేవారికి

నోయిడాలో గాలి నిండా దుమ్మే. ఆకు మీద మట్టి పడితే ప్రయోగశాలలో ఇనుము అంకె పెరుగుతుంది, కానీ మట్టిలోని ఇనుము ఒంటబట్టేది అత్యల్పం. అందుకే పొడి మీద అసాధారణంగా పెద్ద అంకె కనిపిస్తే నాకు ముందు దుమ్ము గుర్తొస్తుంది. రోడ్డు పక్క చెట్టు ఆకు వద్దు. ఆకు దూసి రెండు మూడు నీళ్లలో కడిగి, తడి ఆరాక గదిలో నీడన పలచగా పరిచి, మీద పలచని బట్ట కప్పండి. నలిపితే గలగలమని విరిగేదాకా ఆరాలి. మెత్తగా వంగిందంటే తేమ మిగిలినట్టే, డబ్బాలో బూజు పడుతుంది. మంచి పొడి ఆకుపచ్చగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి ఎండుగడ్డి వాసన వేస్తే ఎండలో మాడిందో, పాతబడిందో. చిటికెడు నాలుక మీద వేసుకుంటే, ఇసుక ఉంటే పంటికి తగులుతుంది.

ఎంత తినాలి

పొడైతే పెద్దవాళ్లకు రోజుకు ఒకటి రెండు చెంచాలు, అదీ వంటలో. ఆకైతే వారానికి రెండు మూడుసార్లు కూరగా, పప్పుగా తినొచ్చు. పెద్ద స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసింది. మునగాకు అందులో ఒక వాటా మాత్రమే, మిగతాది పప్పులు, రాగి, సజ్జ, గుడ్లు, మాంసం నుంచి రావాలి. ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మునగపొడిని వాటితో కలిపి తీసుకోకుండా కొన్ని గంటల ఎడం ఉంచండి. గర్భిణులు వేరు, బెరడు జోలికి పోవద్దు.

రిపోర్టులో ఇంకేం చూడాలి

గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత, గర్భిణికి 11 కన్నా తగ్గితే. కానీ కారణం ప్రతిసారీ ఇనుమే కాదు. ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే నిల్వల సంగతి తెలుస్తుంది, జ్వరమో వాపో ఉంటే మాత్రం అది ఎక్కువగా చూపించి మోసం చేయొచ్చు. శాకాహారుల్లో బి12 లోపం మామూలే, అప్పుడు ఎర్ర కణాలు పెద్దవిగా ఉంటాయి. కణాలు చిన్నవిగా ఉండి ఫెరిటిన్ మామూలుగా ఉంటే థలసేమియా వారసత్వం ఉందేమో డాక్టరు చూస్తారు. అలాంటివారికి ఇనుము లోటు లేకుండా ఐరన్ మాత్రలు వేయరు.