బటన్ నొక్కే ముందు: పాత హార్డ్ డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసుకోవడం

పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవాళ్లలో చాలామంది విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయించుకుంటారు. సినిమాలు, బ్రౌజింగ్ తప్ప వేరే పని లేని ల్యాప్‌టాప్‌కి అదే మంచి దారి. మా బాబాయి ఎరువుల కొట్టు సంగతి వేరు. ఆ ల్యాప్‌టాప్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది, బిల్లు ప్రింటర్ సెట్టింగులున్నాయి, ఏళ్లనాటి ఖాతాలున్నాయి. వాటిని ఒక్కొక్కటే మళ్లీ కూర్చడం కంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానిలోకి దించడమే తేలిక. దాన్నే క్లోనింగ్ అంటారు. “ఒరేయ్, పాత బాకీల లెక్కలు పోవు కదా?” అని ఆయన అడిగింది ఒక్కటే. ఆ ప్రశ్నకు జవాబు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లో కన్నా, దాన్ని తెరవక ముందు మనం చేసే పనిలోనే ఎక్కువగా ఉంటుంది.

మొదట పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. CrystalDiskInfo అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ఎడమవైపు నీలం రంగులో Good అనో, పసుపు రంగులో Caution అనో కనిపిస్తుంది. అక్కడితో ఆగకుండా కింద ఉన్న పట్టికలో 05, C5, C6 అనే మూడు వరసలు చూడండి. పాడైపోయినందుకు డిస్క్ పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క 05. చదవడానికి మొరాయిస్తూ, ఇంకా ఏ సంగతీ తేలని సెక్టార్లు C5. పరీక్షలోనూ చదవలేకపోయినవి C6. చివరి గడిలో అన్నీ సున్నాలే ఉంటే నిశ్చింత. C5లో ఏదైనా అంకె ఉంటే క్లోనింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆగకపోయినా, ఆ చోట ఉన్న ఫైల్ చెడిపోయి రావచ్చు. అలాంటప్పుడు ముందుగా ఖాతాలు, ఫొటోలు మామూలు కాపీగా వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. క్లోనింగ్ ఆలోచన ఆ తర్వాతే. డిస్క్ బాగానే ఉన్నా ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఇంకోచోట ఉండి తీరాలి. కొత్త డిస్క్‌ను పాతదని పొరబడి, ఖాళీ డిస్క్‌ను నిండు డిస్క్ మీదకు క్లోన్ చేసేస్తే వెనక్కి తెచ్చుకునే దారి దాదాపు ఉండదు.

ఇక విభజనలు. ఈ ల్యాప్‌టాప్‌లోది 1 టీబీ డిస్క్. విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది. కొన్నది 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, అది కనిపించేది 465 జీబీగా. పెద్దది చిన్నదానిలో పడుతుందా అంటే, చూడాల్సింది డిస్క్ సైజు కాదు, వాడిన చోటు. C డ్రైవ్ 180 జీబీ, అందులో నిండింది 120. D డ్రైవ్ సుమారు 750 జీబీ, నిండింది 140. మొత్తం 260 కాబట్టి హాయిగా పడుతుంది. కానీ అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇలా కుదించలేవు. ఉదాహరణకు Clonezilla మామూలుగా కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలంటుంది. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డ్రైవ్‌లతో ఇచ్చే క్లోనింగ్ ప్రోగ్రాంలు చాలావరకు కుదించగలవు.

ఇక్కడే ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్‌ను దాని మానాన వదిలేస్తే విభజనలను పాత నిష్పత్తిలో కుదించాలని చూస్తుంది. ఆ లెక్కన C డ్రైవ్‌కు వచ్చేది సుమారు 90 జీబీ. అందులో ఉన్నదే 120. కాబట్టి ఇరుకుగా సర్ది, ఊపిరాడని C డ్రైవ్‌ను చేతిలో పెడుతుంది. తర్వాత పెంచుదామంటే C పక్కనే చిన్న రికవరీ విభజన అడ్డంగా కూర్చుని ఉంటుంది. అందుకే క్లోన్ మొదలుకాకముందే సైజులు మీరే ఇవ్వాలి. ఇక్కడ C కి 220 ఇచ్చి మిగిలింది D కి వదిలాం. చిన్న EFI విభజనను మాత్రం వదలకండి. చూడ్డానికి 100 ఎంబీయే అయినా ల్యాప్‌టాప్ బూట్ అయ్యేది అక్కడి నుంచే. C ఒక్కటే ఎంచుకుని క్లోన్ చేసినవాళ్లకు కొత్త డిస్క్ బూట్ కాకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

బిట్‌లాకర్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది టైప్ చేయండి:

```
manage-bde -status
```

C దగ్గర Protection On అని వస్తే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, సెట్టింగుల్లో బిట్‌లాకర్ ఆఫ్ చేసి, డిక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. కొత్త డిస్క్‌తో అంతా సజావుగా నడిచాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ–సాటా కేబుల్‌తో కలపండి. డిస్క్‌ను ఇనీషియలైజ్ చేయాలా అని విండోస్ అడిగితే రద్దు చేసినా పరవాలేదు, ఆ పని క్లోనింగ్ సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. కొన్ని కేబుళ్లు డ్రైవ్ అసలు పేరును దాచేస్తాయి. అప్పుడు కంపెనీ ప్రోగ్రాం “మా డ్రైవ్ కనబడట్లేదు” అని మొండికేస్తుంది. కేబుల్ మారిస్తే సరిపోతుంది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది డిస్క్ నంబరును బట్టి కాకుండా మోడల్ పేరు, సైజు రెండూ చూసి నిర్ధారించుకోండి. చార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్ ఆఫ్ చేయండి, లెక్కల సాఫ్ట్‌వేర్ మూసేయండి. పాత డిస్క్ సెకనుకు 80 ఎంబీ చదివితే 260 జీబీకి సుమారు 55 నిమిషాలు. చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో పెడితే రెండింతలు దాటుతుంది.

క్లోన్ అయ్యాక ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, వీలుంటే బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పాత డిస్క్ స్థానంలో కొత్తది బిగించండి. మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ అసలు తగిలి ఉండకూడదు. రెండూ ఒకే గుర్తింపు సంఖ్యతో ఉంటాయి కాబట్టి, మీరు కొత్తదానిలో ఉన్నామనుకుంటూ పాతదాని నుంచే బూట్ అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు రోజంతా కొట్టిన బిల్లులు పాతదానిలో పడతాయి.

బూట్ డివైస్ లేదని తెర మీద వస్తే కంగారు వద్దు. ముందు బయోస్‌లోకి వెళ్లి బూట్ వరుసలో Windows Boot Manager పైన ఉందో లేదో చూడండి. అది ఉండి కూడా లేవకపోతే EFI విభజన సరిగా రాలేదన్నమాట. పాత డిస్క్ మళ్లీ బిగించి క్లోనింగ్ మొదటి నుంచి చేయడం, కమాండ్లతో కుస్తీ పట్టడం కంటే తొందరగా తెములుతుంది. పాతదాన్ని మనం ముట్టుకోలేదు కాబట్టి ఆ అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

విండోస్ లేచాక రెండు పరీక్షలు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నిన్నటి బిల్లు, రెండేళ్ల నాటి బిల్లు తెరిచి చూడండి, ఒక కాగితం ప్రింట్ తీయండి. లైసెన్స్‌ను డిస్క్‌కి ముడిపెట్టే ప్రోగ్రాంలు మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు. తర్వాత ఈ కమాండ్ ఇవ్వండి:

```
fsutil behavior query DisableDeleteNotify
```

NTFS వరసలో 0 వస్తే ట్రిమ్ ఆన్‌లో ఉన్నట్టు. తొలగించిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు అది. అది లేకపోతే కాలక్రమంలో రాసే వేగం పడిపోతుంది.

పాత డిస్క్‌ను రెండు మూడు వారాలు కదపకుండా పక్కన పెట్టండి. ఆత్రంగా యూఎస్‌బీలో పెట్టి చూస్తే Disk Management అది Offline అని, సిగ్నేచర్ ఢీకొందని చెప్పవచ్చు. దాన్ని Online చేస్తే విండోస్ దాని గుర్తింపు సంఖ్య మార్చేస్తుంది. ఆ తర్వాత ఆ డిస్క్ నుంచి మళ్లీ బూట్ అవుతుందన్న భరోసా ఉండదు. అవసరపడితే వెనక్కి వెళ్లడానికే కదా దాన్ని ఉంచుకుంటున్నది! గడువు తీరాక, C5 వరసలో సున్నాలే ఉంటే ఫార్మాట్ చేసి వారానికోసారి ఖాతాల బ్యాకప్‌కు వాడుకోవచ్చు. అంకెలు కనిపిస్తే మాత్రం దాని మీద ఏ లెక్కలూ పెట్టొద్దు.